ఒప్పుకున్న క్రెడిట్ వేరు, పనికొచ్చిన క్రెడిట్ వేరు

(టెక్సస్‌లో డాలస్ ఉత్తర శివార్లలోని తెలుగు తల్లిదండ్రుల కోసం ఒక ఆదివారం మధ్యాహ్నం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినపడుతోందా? సరే. ముందు ఒక మాట. నేను కాలేజీ అడ్మిషన్లు చూసేదాన్ని కాదు. మా అమ్మాయికి ఫలానా యూనివర్సిటీలో సీటు వస్తుందా అని నన్ను అడిగితే నా దగ్గర జవాబు లేదు. నా పని ఆ తరువాత మొదలవుతుంది. పిల్లలు సీటు తెచ్చుకుని, హైస్కూల్లో ఉండగా చేసిన కాలేజీ కోర్సుల ట్రాన్స్క్రిప్టు పట్టుకుని వస్తారు చూడండి, ఆ కాగితం ముందు పెట్టుకుని ఏ కోర్సు దేనికి సరిపోతుందో చూసే బల్ల దగ్గర నేను చాలా ఏళ్ళుగా కూర్చున్నాను. కాబట్టి ఇవాళ నేను చెప్పేది ఆ బల్ల ఇవతలి నుంచి కనిపించేది.

మీలో చాలామంది ఇంటర్మీడియట్ చదివి వచ్చినవాళ్ళే కదా? మనకి ఇంటర్ మార్కులు ఏం చేశాయి? ఎంసెట్ దాకా కాస్త వెంట వచ్చాయి. ఇంజనీరింగ్‌లో చేరాక ఎవరైనా అడిగారా మీ ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్ ఎంత అని? అడగలేదు. ఆ లెక్క అక్కడితో మూసేశారు. మన బుర్రల్లో అదే ఉండిపోయింది. హైస్కూల్లో చేసింది హైస్కూల్లోనే ఉంటుందని. డ్యూయల్ క్రెడిట్ అలా ఉండదు. పదకొండో తరగతి పిల్లవాడు కాలిన్ కాలేజ్‌లోనో డాలస్ కాలేజ్‌లోనో ఒక కోర్సు తీసుకున్నాడంటే వాడు ఆ రోజు నుంచి కాలేజీ విద్యార్థి. వాడి పేరు మీద కాలేజీ ట్రాన్స్క్రిప్టు ఒకటి పుట్టింది. అది వాడికి నలభై ఏళ్ళొచ్చినా ఉంటుంది.

పేర్ల గొడవ ఒకటి తీర్చేసి ముందుకెళ్దాం. బయట డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు, టెక్సస్‌లో డ్యూయల్ క్రెడిట్ అంటారు. ఒకే కోర్సుకి హైస్కూల్ లెక్కలోనూ క్రెడిట్, కాలేజీ లెక్కలోనూ క్రెడిట్. ఏపీ అనేది వేరు. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదని ఇక్కడ పుట్టిన పిల్లలకి చెప్పక్కర్లేదు, మనకే చెప్పాలి! ఏపీలో ఏడాదంతా చదివి మే నెలలో ఒక పరీక్ష రాస్తారు. ఐదుకి ఎంతొచ్చిందన్నదే లెక్క. నచ్చకపోతే ఆ స్కోరు యూనివర్సిటీకి పంపించక్కర్లేదు కూడా. డ్యూయల్ క్రెడిట్‌లో పరీక్ష ఒక్కటే కాదు, సెమిస్టరంతా చేసిన పనికి గ్రేడు వస్తుంది. ఆ గ్రేడు దాచడానికి లేదు. ఈ రెండింటి మధ్యలో ఒకటుంది, యూటీ ఆస్టిన్ వాళ్ళ ఆన్‌ర్యాంప్స్. అందులో కాలేజీ గ్రేడు చూసుకున్నాక కావాలో వద్దో పిల్లలే చెప్పవచ్చు. అది మంచి వెసులుబాటు. కానీ ఇవాళ నా సబ్జెక్టు కమ్యూనిటీ కాలేజీ డ్యూయల్ క్రెడిట్.

చేరడం గురించి ఎక్కువ చెప్పను, అది మీ హైస్కూల్ కౌన్సిలర్ చెప్తారు. కాలేజీ చదువుకి సిద్ధంగా ఉన్నారా అని చూసే టీఎస్ఐ పరీక్ష రాయాలి, లేదా శాట్‌లో లెక్కలకి 530, ఇంగ్లీషుకి 480 ఉంటే అది రాయక్కర్లేదు. స్కూల్లో ఉచితంగానో తగ్గింపు ధరకో భోజనానికి అర్హత ఉన్న పిల్లలకి 2023లో వచ్చిన చట్టం వల్ల, ఆ పథకంలో చేరిన కాలేజీల్లో కోర్సు ఫీజు లేదు. ఇవి తేలికైన విషయాలు. కష్టమైన విషయం ఏ కోర్సు తీసుకోవాలన్నది.

మీ ఇంట్లో ఎవరిదైనా డ్యూయల్ క్రెడిట్ షెడ్యూల్ ఉంటే ఇప్పుడు ఫోన్లో తెరవండి. తెరిచారా? కోర్సు పేరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. ENGL 1301 అనో HIST 1302 అనో. టెక్సస్‌లో కమ్యూనిటీ కాలేజీలన్నీ ఈ నంబర్లు ఉమ్మడిగా వాడతాయి. మొదటి అంకె ఏ ఏడాది స్థాయి అన్నది చెప్తుంది, ఒకటైతే ఫ్రెష్‌మన్, రెండైతే సోఫమోర్. రెండో అంకె ఎన్ని గంటలు అన్నది. గంటలంటే సెమిస్టర్ క్రెడిట్ అవర్స్. 1301లో మూడు, అంటే మూడు గంటలు. MATH 2413 అంటే రెండో ఏడాది స్థాయి, నాలుగు గంటలు. చివరి రెండు అంకెలు ఆ సబ్జెక్టులో ఏ కోర్సో చెప్తాయి. కొన్ని యూనివర్సిటీలకి మళ్ళీ సొంత నంబర్లుంటాయి. టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో ఇంజనీరింగ్ కాల్క్యులస్ MATH 151, కమ్యూనిటీ కాలేజీలో దాని జోడీ MATH 2413. యూటీ ఆస్టిన్‌లో మొదటి అంకే గంటలు చెప్తుంది, వాళ్ళ కాల్క్యులస్ M 408C అంటే నాలుగు గంటలది. కన్‌ఫ్యూజ్ కాకండి. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఉమ్మడి నంబరు ఒక్కటే, మిగతావన్నీ దానికి జోడీలే.

ఇప్పుడు అసలు విషయం. ఈ క్రెడిట్లు యూనివర్సిటీ ఒప్పుకుంటుందా? అందరూ అడిగే ప్రశ్న ఇదే. దీనికి జవాబు చాలా సులభం. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీ అయితే, ఉమ్మడి నంబరున్న కోర్సయితే, గ్రేడు బాగుంటే, ఒప్పుకుంటుంది. కానీ అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఒప్పుకున్నాక దాన్ని ఎక్కడ పెడుతుంది? ఇది ఎవరూ అడగరు.

ఒక డిగ్రీ అంటే కనీసం 120 గంటలు, ఇంజనీరింగ్ అయితే ఇంకొంచెం ఎక్కువే. ఆ గంటలు ఒక గంపలో పోసినట్టు ఉండవు. గళ్ళు గళ్ళుగా ఉంటాయి. మన పోపుల పెట్టె ఉంటుంది చూడండి, ఆవాల గిన్నెలో ఆవాలే పోయాలి. రాష్ట్రం పెట్టిన ఉమ్మడి గళ్ళు 42 గంటలు, దాన్ని కోర్ అంటారు. అందులో ఇంగ్లీషు లాంటి కమ్యూనికేషన్ 6, లెక్కలు 3, సైన్సు 6, అమెరికా చరిత్ర 6, ప్రభుత్వం 6, ఇంకా కళలు, సాహిత్యం, సామాజిక శాస్త్రం లాంటివి. ఆ 42 మొత్తం ఒకచోట పూర్తిచేస్తే ఇంకో ప్రభుత్వ యూనివర్సిటీ దాన్ని మొత్తంగా తీసుకోవాలి, మా కోర్ మళ్ళీ చెయ్యి అనడానికి లేదు. సగమే చేస్తే చేసిన కోర్సులు చేసినంతవరకు కోర్‌లో చెల్లుతాయి. ఇంతవరకు బాగానే ఉంది కదా?

మరి గొడవ ఎక్కడ? కోర్ లోని లెక్కల గడి, మేజర్ లోని లెక్కల గడి ఒకటి కాదు. అక్కడ.

ఒక బాబు కథ చెప్తాను. నిజానికి ఇద్దరు ముగ్గురు పిల్లల కాగితాలు కలిపి ఒకడిగా చెప్తున్నాను, ఎవరి పిల్లవాడా అని పక్కకి చూడకండి. ఈ బాబు హైస్కూలు అయ్యేసరికి 34 గంటలు తెచ్చాడు. ముప్పై నాలుగు! ఇంట్లో పెద్ద సంబరం. ఏడాదికి పైగా కాలేజీ అయిపోయింది, మూడేళ్ళలో డిగ్రీ, ఒక ఏడాది ఫీజు మిగిలినట్టే అని వాళ్ళ నాన్నగారు ఇండియాలో అందరికీ చెప్పేశారు. వాడికి మెకానికల్ ఇంజనీరింగ్‌లో సీటు వచ్చింది.

ఏమేం చేశాడో చూద్దాం. ఇంగ్లీషు 1301, 1302, ఆరు గంటలు. అమెరికా చరిత్ర 1301, 1302, ఆరు. ప్రభుత్వం 2305, 2306, అంటే ఫెడరల్ ఒకటి, టెక్సస్ ఒకటి, ఆరు. ఆర్ట్ అప్రీసియేషన్ మూడు. సైకాలజీ మూడు. ఇవి 24. ఇంకా MATH 1314, కాలేజ్ ఆల్జీబ్రా, మూడు. PHYS 1401, కాలేజ్ ఫిజిక్స్, నాలుగు. పబ్లిక్ స్పీకింగ్, మూడు. ఇవి పది. మొత్తం 34. గ్రేడ్లన్నీ ఏలు, బీలు. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

యూనివర్సిటీ 34 కి 34 ఒప్పుకుంది. ట్రాన్స్‌ఫర్ రిపోర్టులో అన్నీ కనిపిస్తున్నాయి. కానీ డిగ్రీ ఆడిట్ అని ఇంకో కాగితం ఉంటుంది, గళ్ళ కాగితం. అందులో మొదటి 24 గంటలు వాటి వాటి గళ్ళలో పడ్డాయి. మిగతా పది? అట్టడుగున, ‘డిగ్రీకి వర్తించనివి’ అని ఒక డబ్బా ఉంది, అందులో పడ్డాయి.

ఎందుకు? కాలేజ్ ఆల్జీబ్రాతో కోర్ లెక్కల గడి నిండుతుంది, నిజమే. కానీ ఇంజనీరింగ్ వాడికి ఆ గడిలో ఎలాగూ కాల్క్యులస్ వచ్చి కూర్చుంటుంది, అది చెయ్యక తప్పదు కాబట్టి. ఆల్జీబ్రాకి చోటు లేదు. ఫిజిక్స్ సంగతి ఇంకా బాధ. 1401 అంటే ఆల్జీబ్రాతో చెప్పే ఫిజిక్స్. ఇంజనీరింగ్‌కి కావాల్సింది 2425, కాల్క్యులస్‌తో చెప్పేది. పిల్లవాడు ఫిజిక్స్ చేశాడు, ల్యాబ్ చేశాడు, రాత్రుళ్ళు మేలుకున్నాడు. నంబరు వేరు. అంతే. మళ్ళీ మొదటి నుంచి ఫిజిక్స్. పబ్లిక్ స్పీకింగ్ కొన్ని డిగ్రీల్లో పడుతుంది, వీడి డిగ్రీలో దానికి గడి లేదు. ఇంజనీరింగ్ డిగ్రీల్లో మన ఇష్టమొచ్చిన కోర్సు పెట్టుకునే ఖాళీ గళ్ళు దాదాపు ఉండవు, అందుకని.

సరే, పది పోతే పోయాయి, 24 ఉన్నాయి కదా, అవి కూడా చాలానే కదా అంటారు. నేనూ అదే అన్నాను మొదట్లో. మరి వాడు మూడేళ్ళలో పూర్తిచేశాడా? చెయ్యలేదు. నాలుగేళ్ళూ పట్టింది. ఎందుకో తెలుసా?

ఇంజనీరింగ్ డిగ్రీ పొడవు గంటలతో తేలదండి, గొలుసుతో తేలుతుంది. కాల్క్యులస్ ఒకటి చేస్తేనే రెండు. కాల్క్యులస్ తోడుంటేనే 2425 ఫిజిక్స్. ఆ ఫిజిక్స్ అయితేనే స్టాటిక్స్. స్టాటిక్స్ అయితేనే డైనమిక్స్, మెకానిక్స్ ఆఫ్ మెటీరియల్స్. అవి అయితేనే మెషీన్ డిజైన్. అది అయితేనే చివరి ఏడాది ప్రాజెక్టు. ఒక్కొక్కటి ఒక్కో సెమిస్టరు. ఈ గొలుసులో ఒక్క కొక్కెం కూడా మనవాడు హైస్కూల్లో చెయ్యలేదు. చేసినవన్నీ గొలుసు పక్కన ఉండే కోర్సులు. చరిత్ర అయిపోయినంత మాత్రాన స్టాటిక్స్ ముందుకి జరగదు కదా!

ఇంకో తమాషా చూడండి. స్కాలర్‌షిప్ నిలబడాలంటే సెమిస్టరుకి కనీసం 12 గంటలుండాలి, ఫుల్‌టైమ్ అనిపించుకోవాలి. మామూలు పిల్లలు కాల్క్యులస్, ఫిజిక్స్ పక్కన ఒక చరిత్రో ఇంగ్లీషో పెట్టుకుని 12 నింపుకుంటారు. వీడి దగ్గర ఆ తేలిక కోర్సులు లేవు, ముందే అయిపోయాయి. గొలుసులో తరువాతి కోర్సులు ఇంకా తెరుచుకోలేదు. దాంతో 12 నింపడానికి అవసరం లేని కోర్సులు డబ్బు కట్టి తీసుకోవాల్సి వచ్చింది. మొదటి ఏడాదే కష్టమైనవన్నీ ఒకేసారి మీద పడ్డాయి, జీపీఏని కాస్త పైకి లాగే చరిత్ర లాంటి కోర్సు పక్కన లేదు. ఇది నేను ఒక్క పిల్లవాడిలో చూసింది కాదు.

ఇప్పుడు ఇంకో అమ్మాయి. తెచ్చింది 17 గంటలే. ఇంగ్లీషు 1301, చరిత్ర రెండు కోర్సులు, ఆ మూడూ కలిపి తొమ్మిది. తరువాత MATH 2413, MATH 2414, కాల్క్యులస్ ఒకటి, రెండు, నాలుగేసి గంటలు. మొత్తం పదిహేడు. అదే మేజర్. పదిహేడూ గళ్ళలో పడ్డాయి. యూనివర్సిటీలో అడుగుపెట్టిన మొదటి సెమిస్టర్లోనే 2425 స్థాయి ఫిజిక్స్ తీసుకుంది, రెండో సెమిస్టర్లో స్టాటిక్స్. మూడున్నరేళ్ళలో బయటికొచ్చింది. 34 తెచ్చినవాడికి నాలుగేళ్ళు, 17 తెచ్చిన అమ్మాయికి మూడున్నర.

అయితే చరిత్ర, ప్రభుత్వం వద్దా అంటే, అలా అనడం లేదు. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలో ఏ డిగ్రీ చేసినా అమెరికా చరిత్ర ఆరు గంటలు, ప్రభుత్వం ఆరు గంటలు చట్టప్రకారం కావాలి. మేజర్ ఏదైనా ఆ పన్నెండు గంటలు వృథా కావు. పిల్లవాడికి ఇంకా ఏ మేజరో తెలియకపోతే అవే తీసుకోండి, అన్నిటికన్నా భద్రం. నేను చెప్పేది లెక్కలు, సైన్సు గురించి. అక్కడే రెండేసి మెట్లుంటాయి. బయాలజీలో 1408 సైన్సు మేజర్లు కానివాళ్ళకి, 1406 సైన్సు మేజర్లకి. కెమిస్ట్రీలో 1405 పరిచయం కోర్సు, 1411 అసలు జనరల్ కెమిస్ట్రీ. రెండు కోర్సులూ కాలేజీ కేటలాగ్‌లో పక్కపక్కనే ఉంటాయి. రెండింటికీ నాలుగు గంటలే, ల్యాబ్‌తో సహా. పిల్లవాడు ఏది తీసుకుంటాడు? స్నేహితుడు ఏది తేలిక అంటే అది! మెడిసిన్ వైపు వెళ్దామనుకునేవాడికి 1405తో ఒక్క మెట్టు కూడా ఎక్కినట్టు కాదు.

మెడిసిన్ అన్నాను కాబట్టి అది చెప్పేస్తాను, ఈ గదిలో సగంమంది మనసులో అదే ఉంటుంది. గ్రేడు దాచడానికి లేదన్నాను కదా. యూనివర్సిటీ మామూలుగా ఏం చేస్తుందంటే, బయటి కోర్సు గంటలు తీసుకుంటుంది, గ్రేడు తన జీపీఏలో కలపదు. పిల్లలు చూసుకుని, హమ్మయ్య, హైస్కూల్లో వచ్చిన ఆ సీ పోయింది, కొత్త పలక అనుకుంటారు. నాలుగేళ్ళ తరువాత మెడికల్ స్కూలుకి అప్లై చేస్తారు. టెక్సస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్ళకి ఒక ఉమ్మడి దరఖాస్తు, దేశంలో మిగతా చాలా వాటికి ఆమ్‌కాస్ అనే ఇంకో దరఖాస్తు ఉంటాయి. రెండూ అడిగేది ఒకటే, మీరు జీవితంలో చేసిన ప్రతి కాలేజీ కోర్సూ, ప్రతి కాలేజీ నుంచీ ట్రాన్స్క్రిప్టూ. హైస్కూల్లో చేసినా సరే. జీపీఏ వాళ్ళే మళ్ళీ కడతారు.

లెక్క చూద్దాం. ఒక అమ్మాయి పదకొండో తరగతిలో ఎనిమిది గంటల సైన్సు చేసింది, రెండు కోర్సుల్లోనూ సీ వచ్చింది. సీ అంటే రెండు పాయింట్లు, ఎనిమిది రెళ్ళు పదహారు. తరువాత యూనివర్సిటీలో 112 గంటలు 3.9 తో చదివింది. అద్భుతంగా చదివింది. 112 ని 3.9 తో గుణిస్తే 436.8. పదహారు కలిపితే 452.8. దాన్ని 120 తో భాగిస్తే 3.77. తన యూనివర్సిటీ కాగితం మీద 3.9, మెడికల్ స్కూలు కాగితం మీద 3.77. పదహారేళ్ళప్పటి రెండు కోర్సుల వల్ల. సైన్సు జీపీఏ విడిగా కడతారు కాబట్టి అక్కడ దెబ్బ ఇంకా పెద్దది. మళ్ళీ ఆ కోర్సు చేసి ఏ తెచ్చుకుంటే సరిపోతుందా? పాతదీ కొత్తదీ రెండూ కలుపుతారు. లా స్కూలు దరఖాస్తుల్లో కూడా హైస్కూల్లో చేసిన కాలేజీ గ్రేడ్లు లెక్కలోకి వస్తాయి.

అందుకే కోర్సు మొదలైన రెండు మూడు వారాలు ముఖ్యం. పదహారు వారాల సెమిస్టర్లో పన్నెండో క్లాసు రోజుని సెన్సస్ డే అంటారు. దానికి ముందు తప్పుకుంటే ట్రాన్స్క్రిప్టు మీద ఆ కోర్సే ఉండదు. తరువాత తప్పుకుంటే W పడుతుంది. W జీపీఏలోకి రాదు, కనిపిస్తుంది అంతే. పిల్లవాడికి మొదటి టెస్టు ఎప్పుడో సిలబస్‌లో చూడండి. చాలాసార్లు మొదటి టెస్టు సెన్సస్ డే దాటాకే ఉంటుంది, కాబట్టి మార్కుల కోసం ఆగితే లాభం లేదు, హోమ్‌వర్కు ఎలా చేస్తున్నాడో దాన్ని బట్టే తెలుసుకోవాలి.

మరి మీరు ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి అడగవచ్చా? నవ్వుతున్నారు, ఎవరో చేసినట్టున్నారు! కాలేజీలో చేరిన రోజు నుంచి ఫెర్పా అనే చట్టం ప్రకారం ఆ కాలేజీ రికార్డు మీద హక్కు పిల్లవాడిది. వాడికి పదిహేనేళ్ళే అయినా సరే. ఫీజు కట్టింది మీరే అయినా సరే. ప్రొఫెసర్ మీతో మాట్లాడరు, అది పొగరు కాదు. హైస్కూల్ దగ్గరికి వచ్చిన గ్రేడు హైస్కూల్‌ని అడగవచ్చు. కాలేజీ ఈమెయిల్ మాత్రం పిల్లవాడే చూసుకోవాలి. చూడరు. అదే పెద్ద టెన్షన్.

ఇప్పుడు ట్రాన్స్క్రిప్టు పంపడం. చిన్న విషయం, కానీ ప్రతి జూన్‌లోనూ నా బల్ల ముందు క్యూ దీని వల్లే. హైస్కూల్ ట్రాన్స్క్రిప్టులో డ్యూయల్ క్రెడిట్ కోర్సులు కనిపిస్తాయి కాబట్టి యూనివర్సిటీకి చేరిపోయినట్టే అనుకుంటారు. చేరలేదు. కాలేజీ క్రెడిట్ కాలేజీ ట్రాన్స్క్రిప్టు నుంచే వస్తుంది. రెండు కాలేజీల్లో చేస్తే రెండూ పంపాలి. పన్నెండో తరగతి వసంతం సెమిస్టర్ గ్రేడ్లు మే చివరికి పడతాయి, అవి పడ్డాకే పంపాలి, ముందు పంపితే ఆఖరి కోర్సులు ఉండవు. జూన్‌లో ఓరియంటేషన్‌కి వెళ్ళేసరికి అది రాకపోతే ఏమవుతుంది? అడ్వైజర్ స్క్రీన్ మీద మీవాడికి కాల్క్యులస్ లేదు. కాల్క్యులస్ ఒకటిలో వేసేస్తారు. ఆగస్టులో ట్రాన్స్క్రిప్టు వస్తుంది, అప్పటికి కాల్క్యులస్ రెండులో సీట్లుండవు. గొలుసులో ముందే చేసి ఉంచిన కొక్కెం అక్కడే పోయింది. అందుకని ఓరియంటేషన్‌కి వెళ్ళేటప్పుడు అనఫీషియల్ ట్రాన్స్క్రిప్టు ఒకటి ప్రింటు తీసి చేతిలో పెట్టుకోమనండి. చాలామంది అడ్వైజర్లు అది చూసి సరైన కోర్సులో వేస్తారు.

ఇంకోటి, మన పిల్లల్లోనే ఎక్కువ చూస్తాను. ఏపీ అమెరికా చరిత్ర పరీక్ష రాస్తారు, ఐదు వస్తుంది. మళ్ళీ డ్యూయల్ క్రెడిట్ చరిత్ర కూడా తీసుకుంటారు, క్లాస్ ర్యాంకు కోసమో, ఎందుకైనా మంచిదనో. రెండూ ఒకే కోర్సుకి జోడీలు. క్రెడిట్ ఒక్కసారే ఇస్తారు. ఆవకాయ ఉంది కదాని మాగాయ మానేస్తామా అంటారేమో, ఇది ఒకే ఆవకాయ రెండు జాడీల్లో పెట్టినట్టు.

టెక్సస్ దాటితే కథ మారుతుంది. ఉమ్మడి నంబర్లకి రాష్ట్రం బయట విలువ లేదు, అక్కడ సిలబస్ చూస్తారు. అందుకని ప్రతి కోర్సు సిలబస్ పీడీఎఫ్ దాచుకోండి, ఏ పుస్తకం, ఏ వారం ఏ పాఠం అన్నది ఉండేది. టెక్సస్ ప్రభుత్వ కాలేజీలు సిలబస్‌లు వెబ్‌సైట్లో పెట్టాలని చట్టం ఉంది కాబట్టి ఆ సెమిస్టర్లో దొరుకుతుంది, నాలుగేళ్ళ తరువాత వెతికితే దొరుకుతుందని నమ్మకం లేదు. ప్రైవేటు యూనివర్సిటీల్లో, ముఖ్యంగా పేరున్న వాటిలో, చాలామంది మూడు ప్రశ్నలు అడుగుతారు. కోర్సు ఎక్కడ జరిగింది, కాలేజీ క్యాంపస్‌లోనా, హైస్కూల్ గదిలోనా? క్లాసులో మామూలు కాలేజీ విద్యార్థులున్నారా, అందరూ హైస్కూల్ పిల్లలేనా? ఇదే కోర్సు హైస్కూల్ డిప్లొమాకి కూడా లెక్కవేశారా? మూడోదానికి అవును అంటే చాలాచోట్ల క్రెడిట్ రాదు. డ్యూయల్ అన్న మాటకి అర్థమే రెండు చోట్ల లెక్కవేయడం కదా, కాబట్టి ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. క్రెడిట్ రాకపోయినా చదివిన కాల్క్యులస్ వృథా కాదు, ప్లేస్‌మెంట్ పరీక్ష రాసి పై క్లాసులో కూర్చోవచ్చు, అది కొన్నిచోట్ల ఉంది. కానీ ఏడాది ఫీజు మిగులుతుందన్న లెక్క మాత్రం కొట్టేసుకోండి.

ఇంటికెళ్ళి ఏం చెయ్యాలో అడుగుతున్నారు ముందు వరసలో. మీవాడు అనుకుంటున్న యూనివర్సిటీలు రెండు మూడు రాసుకోండి. ఒక్కొక్కదాని వెబ్‌సైట్లో ఆ మేజర్ డిగ్రీ ప్లాన్ ఉంటుంది, ఎనిమిది సెమిస్టర్ల పట్టిక. దాన్ని ప్రింటు తియ్యండి. ట్రాన్స్‌ఫర్ ఈక్వివలెన్సీ అని ఇంకో పేజీ ఉంటుంది, కమ్యూనిటీ కాలేజీ నంబరు కొడితే వాళ్ళ నంబరు చూపిస్తుంది. ఆ వాళ్ళ నంబరు డిగ్రీ ప్లాన్ మీద ఉందా? ఉంటే గడి ఉన్నట్టు. లేకపోతే, ఆ కోర్సు ఒప్పుకుంటారు గానీ పనికి రాదు. అరగంట పని. కోర్సు తీసుకోకముందు చేస్తే అరగంట.

చివర నిలబడిన అమ్మగారు చెయ్యెత్తారు, అడగండి. ... ఆవిడ అడుగుతున్నది, బాబు ఇప్పుడు పదకొండులో ఉన్నాడు, ఈ సెమిస్టర్ MATH 1314 మొదలుపెట్టాడు, కంప్యూటర్ సైన్స్ అనుకుంటున్నాడు, మాన్పించెయ్యాలా అని. వద్దండి. ఆ కోర్సుకి గడి లేకపోవచ్చు, కానీ దాని మీదే తరువాతి మెట్టు, 2412, ప్రీకాల్క్యులస్. ఈ సెమిస్టర్ 1314, వసంతంలో 2412, వచ్చే ఏడాది ఫాల్‌లో 2413, ఆ తరువాత వసంతంలో 2414. హైస్కూలు అయ్యేసరికి కాల్క్యులస్ రెండు చేతిలో ఉంటుంది. మీవాడి ఇబ్బంది 1314 తీసుకోవడం కాదు, చాలామంది అక్కడితో ఆపేస్తారు, అదీ ఇబ్బంది. ఒక్కటి చూసుకోండి, 2412 సీట్లు నవంబరులో రిజిస్ట్రేషన్ తెరవగానే నిండిపోతుంటాయి. ఆ తేదీ మీ కాలేజీ క్యాలెండర్లో ఉంటుంది, ఇప్పుడే ఫోన్లో పెట్టేసుకోండి. నేను ఆగుతాను.